చుక్క ఎక్కడ పెట్టావో చూసుకో

అమ్మాయీ,

నువ్వు పంపిన మల్లేశ్వరం వ్యాసం చదివాను. అందులో తెగిన వాక్యాలన్నిటి కిందా ఎర్ర గీతలు గీసి, "ఇవన్నీ తప్పులేనా బాబాయ్?" అని అడిగావు. అన్నీ కావు. నువ్వు బెంగుళూరులో ఇంగ్లీషు మీడియం బడిలో నేర్చుకున్న కొలత తెలుగుకి పెట్టావు, తేడా అక్కడే వచ్చింది. క్రియ లేకపోతే వాక్యం కాదన్నది ఇంగ్లీషు లెక్క. మనకి "మా నాన్న గుమాస్తా" నిండు వాక్యమే, దానికి ఏ క్రియా అక్కర్లేదు. "వచ్చాను" అన్న ఒక్క మాటా వాక్యమే, "నేను" అని చెప్పకపోయినా ఆ చివరి "ను" చెప్పేస్తుంది. కాబట్టి క్రియ ఉందా లేదా అని వెతక్కు. చుక్క దగ్గర ఆగినప్పుడు చదివేవాడి మనసు ఎటు చూస్తోందో చూడు.

నీ రెండో పేరానే తీసుకుందాం:

"ఆయుధ పూజ ముందు రోజు మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్. బంతులు, చామంతులు, బూడిద గుమ్మడికాయలు. కాలు పెట్టడానికి చోటు లేక. పక్కింటి మామ్మగారు బేరమాడుతూ. ఆవిడకి కన్నడం రాదు. ఒక్క ముక్క కూడా. అయినా ఇరవై రూపాయలు తగ్గించింది. ఎందుకంటే ఆ పూలమ్మే ఆవిడ కోలారు మనిషి, తెలుగు వచ్చు కాబట్టి."

మొదటి రెండూ ఉంచు. ఎప్పుడు, ఎక్కడ, ఏమున్నాయి అన్నది చెప్పేశావు, చదివేవాడు ఇంకేమీ అడగడు. "బంతులు, చామంతులు ఉన్నాయి" అని పూర్తి చేసి చూడు, సంత కాస్తా సరుకుల చీటీ అయిపోతుంది.

"చోటు లేక" దగ్గర చిక్కుంది. "లేక" అసమాపకం. అది విన్నవాడు "లేక ఏం చేశారు?" అని ముందుకి చూస్తాడు. నువ్వేమో చుక్క పెట్టి మామ్మగారిని పట్టుకొచ్చావు. ఆ ప్రశ్న అలాగే మిగిలిపోయింది. "చోటు లేదు" అను, చాలు.

"బేరమాడుతూ" కూడా అదే జాతి. "-తూ" వచ్చాక, ఆ మనిషే చేసే ఇంకో పని రావాలి. ఇది ఫొటో కింద రాసే ఇంగ్లీషు మాటల్లోంచి వచ్చిన అలవాటులా ఉంది, ఈమధ్య చాలామంది రాతల్లో కనబడుతోంది. "మామ్మగారు బేరం మొదలుపెట్టారు" అని పూర్తి చేసి, రెండు రూపాల్నీ పైకి చదువు. పూర్తి చేశాక ఏమీ పోయినట్టు అనిపించకపోతే ముందున్నది ఎఫెక్టు కాదు, తప్పే.

"ఒక్క ముక్క కూడా" చూడు. దీనికి కావలసిన "రాదు" ఇప్పుడే వెనక వాక్యంలో వినిపించింది. చదివేవాడు దాన్ని తెచ్చుకుని తగిలించుకుంటాడు, ఆ చిన్న ఆగడంలోనే విరుపు ఉంది. అది అలాగే ఉండనీ. కానీ ఆ రెంటి మధ్యా ఇంకో వాక్యం దూర్చావంటే "రాదు" అందదు, ఇదే ముక్క తప్పైపోతుంది.

ఆఖరిది నువ్వు గీత గీయని వాక్యం. తెగలేదు కాబట్టి బాగుందనుకున్నావు. "ఎందుకంటే" అని మొదలుపెట్టి "కాబట్టి"తో ముగించావు. "కాబట్టి" కూడా ముందుకే చూస్తుంది, దాని తర్వాత ఏమీ లేదు. "ఎందుకంటే ఆ పూలమ్మే ఆవిడ కోలారు మనిషి. తెలుగు వచ్చు." అని ఆపు.

ఇంతకీ ముందుకి చూసేవన్నీ తప్పులా అంటే, కాదు. "ఇంకో పది తగ్గిస్తే..." అని మామ్మగారి నోట పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు. మిగతాది "తీసుకుంటాను" అని వినేవాడికి తెలుసు. అక్కడ చుక్క కాదు, మూడు చుక్కలు పెట్టు, కావాలనే వదిలావని తెలుస్తుంది. నాలుగో పేరాలో "ఇంటికి తెచ్చిన." దగ్గర మాత్రం ఆ వంక కూడా కుదరదు. "తెచ్చిన" తర్వాత నామం రావాలి, వాక్యం సగం కొట్టేసినప్పుడు "పూలు" కూడా పోయినట్టుంది. కొట్టివేతలు అయ్యాక ప్రతి చుక్కకీ ముందున్న మాట ఒక్కటే చూసుకుంటూ వెళ్ళు. -ఇ, -తూ, -తే, -క, -ఇన అని ఆగినవి ఇట్టే దొరుకుతాయి.

సరిచేస్తే ఆ పేరాలో మూడు తునకలు మిగులుతాయి. మొదట్లో రెండు పక్కపక్కనే ఉన్నా, అక్కడ రంగం పరుస్తున్నావు కనక నడుస్తుంది. మూడో పేరాలో మాత్రం వరసగా ఐదున్నాయి. అన్నీ వెనక్కి చూసేవే, విడివిడిగా ఒక్కటీ తప్పు కాదు, అయినా ఎక్కిళ్ళలా ఉన్నాయి. "చేతినిండా పూలు." ఒక్కటీ ఉంచి మిగతావి కలిపి పంపు.

ఆశీస్సులతో
బాబాయి