నైట్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చాడు, ఇప్పుడు మాట్లాడట్లేదు

ప్రశ్న: అక్కా, నాకు 27. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ జాబ్ చేస్తున్నా. మ్యాట్రిమొనీలో కడప వైపు అబ్బాయి పరిచయమయ్యాడు, వైట్‌ఫీల్డ్‌లో ఉంటాడు. రోజూ గంటలు గంటలు కాల్స్, మూడో వారానికే నువ్వే నా భార్యవి అన్నాడు. వాళ్ళమ్మ నంబర్ అడిగాను, అప్పట్నుంచి సైలెంట్. 12 రోజులైంది, నా స్టేటస్ మాత్రం చూస్తాడు. టారో రీడింగ్‌లో 'అతని మనసు' అన్న చోట నైట్ ఆఫ్ స్వోర్డ్స్, తర్వాత ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్, పేజ్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చాయి. రెస్ట్‌లో ఉన్నాడు, మెసేజ్ వస్తుంది, ఆగమన్నారు. ఆగనా?

జవాబు: ఆగొద్దు చెల్లెమ్మా. ఎందుకో ఆ కార్డుల్లోంచే చెప్తా.

ఇప్పుడు ఎక్కువమంది వాడే బొమ్మలు 1909లో లండన్‌లో వచ్చిన ప్యాక్‌వి, వెయిట్ అనే ఆయన చెప్తుంటే పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆవిడ గీసింది. అందులో కప్స్, పెంటకిల్స్, వాండ్స్, స్వోర్డ్స్ అని నాలుగు గుంపులు, ఒక్కో గుంపులో ఒక నైట్, అంటే గుర్రం మీద యోధుడు. నలుగురు నైట్‌లకి నాలుగు గుర్రాలు, వాటిని చూస్తేనే సగం అర్థమైపోతుంది. కప్స్ వాడి గుర్రం మెల్లగా నడుస్తుంది, పెంటకిల్స్ వాడిది కదలకుండా నిలబడి ఉంటుంది, వాండ్స్ వాడిది ముందుకాళ్ళు ఎత్తి ఎగురుతుంది, మనవాడిది మాత్రం ఫుల్ స్పీడు, గాలికి వెనక చెట్లు కూడా వంగిపోయి ఉంటాయి. కానీ బాగా చూడు, అంత కత్తి దూసి పోతున్నవాడికి ఎదురుగా ఎవరూ ఉండరు, ఎవరి కోసం పోతున్నాడో బొమ్మలో లేదు. దాన్ని చూసి "నీ కోసమే వచ్చేస్తున్నాడు" అనేది చదివేవాళ్ళు కలిపేది.

స్వోర్డ్స్ అంటే గాలి, అంటే ఆలోచన, మాట. మనసులో ఏముందో చెప్పేవి కప్స్. అతని మనసు అన్న చోట కత్తి వచ్చిందంటే, నీ గురించి అతనికి ఒక ఐడియా గట్టిగా పట్టుకుంది, దాన్ని మాటల్లో పరిగెత్తించాడు అని నేను చదువుతా. అందుకని అబద్ధాలకోరు అనను, చెప్పిన టైమ్‌లో నిజంగానే అనుకుని ఉండొచ్చు. కానీ ఆ స్పీడు మాట ఉన్నంతసేపే, వాళ్ళమ్మ నంబర్ అనగానే అది ఇంటి విషయం అయిపోయింది, జాతకాలు, పెట్టుపోతలు, నాన్న ముందు కూర్చోవడం, అక్కడ గుర్రం దిగాలి మరి. నువ్వు అడిగిన దానికీ అతను ఆగినదానికీ ఉన్న టైమింగ్ నాకైతే ఏ కార్డు కన్నా ఎక్కువ చెప్తోంది.

మిగతా రెండు. ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్‌లో సమాధి మీద నైట్ బొమ్మ పడుకుని ఉంటుంది, రెస్ట్ అనడం కరెక్టే, కానీ లేచి ఎటు వెళ్తాడో, అసలు నీ దగ్గరికే వస్తాడో అందులో లేదు. పేజ్‌కి మెసేజ్ అనే అర్థం ఉంది, కాపలా, గూఢచారిలా గమనించడం అనే పాత అర్థం కూడా ఉంది, స్టేటస్ చూసి రిప్లై ఇవ్వని మనిషికి రెండోదే సరిపోతుంది కదా! మూడూ కత్తులే, ఒక్క కప్పు లేదు, ఇల్లూ డబ్బూ పనీ చెప్పే పెంటకిల్ ఒక్కటీ లేదు.

ఇంకో కార్డు తీయించుకోవాలనిపిస్తుంది, తెలుసు. 78 కార్డుల్లో 14 కప్స్, తీస్తూ పోతే ఏదో ఒకటి వస్తుంది, వచ్చినదాన్నే పట్టుకుంటావు. అతనికి ఒంట్లో బాలేదా, వేరే సంబంధం చూశారా అన్నది ఏ కార్డూ చెప్పదు. అతన్ని తిరిగి రప్పించే పూజ అని ఎవరైనా డబ్బులడిగితే ఒక్క రూపాయి ఇవ్వకు.

చేయాల్సింది ఇది. ఇవాళ ఒక్కసారి కాల్ చెయ్యి, నిజంగా ఇంట్లో ఏదైనా కష్టం వచ్చి ఉండొచ్చు కాబట్టి. ఎత్తకపోతే ఒక్క మెసేజ్: "మన సంబంధం ముందుకు తీసుకెళ్ళాలనుకుంటే ఆదివారం లోపు మీ నాన్నగారితో మా నాన్నకి ఫోన్ చేయించండి, లేకపోతే మేం వేరే సంబంధాలు చూసుకుంటాం." ఎమోజీలు, కార్డుల సంగతి, ఎందుకిలా చేశావు అన్న ప్రశ్న, ఏవీ వద్దు. ఇంట్లో ఇంకా చెప్పకపోతే మీ అమ్మకి ఇప్పుడే చెప్పు, ప్రొఫైల్‌లో వాళ్ళ పెద్దవాళ్ళ నంబర్ ఉంటే మీ నాన్నే మాట్లాడతారు, సంబంధాల విషయంలో అందులో తప్పేం లేదు. నీ ప్రొఫైల్ ఆపి ఉంటే మళ్ళీ ఆన్ చెయ్యి.

ఇలాంటివాళ్ళు కొన్నిసార్లు ఎంత స్పీడుగా పోయారో అంత స్పీడుగా వస్తారు, ఏ రాత్రి పదకొండింటికో సారీ డియర్ అంటూ నలభై లైన్లు. అప్పుడు గంటలు గంటలు మాట్లాడకుండా "పొద్దున మీ ఇంటి నుంచి ఫోన్ రానివ్వండి" అని పెట్టేసి పడుకో. ఫోన్ వస్తే అప్పుడు జాతకం అడుగు.