చాట్‌బాట్‌లో ఒక్క యూజరే నెల బిల్లంతా తినేయకుండా ఎలా ఆపాలి?

ప్రశ్న: మా చిన్న యాప్‌లో చాట్‌బాట్ పెట్టాం. రోజుకి మనిషికి 100 మెసేజ్‌లని లిమిట్ ఉంది, అయినా ఒక యూజర్ వల్లే సగం బిల్లు వస్తోంది. ఐపీ మీద లిమిట్ పెడితే వేరేవాళ్లు తిడుతున్నారు. టోకెన్ల లెక్కన యూజర్‌కి బడ్జెట్ ఎలా పెట్టాలి? ఎవరైనా చేశారా?

జవాబు:

చేశాం, అదీ దెబ్బ తిన్నాకే. మాది గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్ల యాప్, నెలకి ఓ 400 మంది వాడతారు, చాట్‌బాట్‌కి 20,000 రూపాయలు దాటకూడదని అనుకున్నాం. ఒక నెల చూస్తే ఒక్క అకౌంటే దాదాపు 9,000 లాగేసింది. ఎవడో స్క్రిప్ట్ నడుపుతున్నాడనుకుని బ్లాక్ చేయబోయి, సరే ఒకసారి మాట్లాడదామని ఫోన్ చేశా. అతను తాపీగా "అన్నా, పాలిటీ నోట్స్ మొత్తం పేస్ట్ చేశా, ఆ ఒక్క చాట్‌లోనే అన్నీ అడుగుతున్నా, కొత్త చాట్ తెరిస్తే మళ్లీ మర్చిపోద్ది కదా" అన్నాడు. పాపం అతని తప్పేం లేదు, మేం ఇచ్చినదాన్ని మేం ఇచ్చినట్టే వాడుకున్నాడు.

లెక్క చూడండి. మోడల్‌కి గుర్తుండదు కాబట్టి ప్రతి ప్రశ్నకీ పాత చాట్ మొత్తం మళ్లీ పంపుతాం. అతని చాట్ 60,000 టోకెన్లు ఉంది, రోజుకి 70 ప్రశ్నలు అడిగాడు, అంటే 42 లక్షల ఇన్‌పుట్ టోకెన్లు. మా మోడల్ రేటు మిలియన్ ఇన్‌పుట్‌కి 1 డాలర్, అవుట్‌పుట్‌కి 4 డాలర్లు అనుకోండి, డాలర్ 85 రూపాయలు వేసుకోండి. ఇన్‌పుట్‌కి 357 రూపాయలు, జవాబులకి ఇంకో 12, మొత్తం రోజుకి 370 దాకా, నెలలో 25 రోజులు వాడితే 9,250. అప్పట్లో మాకూ మీలాగే ఉన్న 100 మెసేజ్‌ల లిమిట్ అతన్ని ఒక్కసారి కూడా తాకలేదు. మామూలు యూజర్ ప్రశ్నకి 2,500 టోకెన్లు పోతే ఇతనికి 60,000 పోతున్నాయి, రెండూ "ఒక మెసేజే". అందుకే మెసేజ్‌లు లెక్కపెట్టడం అంటే బియ్యం కొట్లో కిలోలు కాకుండా సంచులు లెక్కపెట్టడమే.

కాబట్టి ముందు డబ్బుకి సమానమైన ఒక యూనిట్ పెట్టుకోండి. మేం ఒక ఇన్‌పుట్ టోకెన్ = 1 యూనిట్, ఒక అవుట్‌పుట్ టోకెన్ = 4 యూనిట్లు అని పెట్టాం, ఎందుకంటే రేటు అలా ఉంది కాబట్టి. రేటు మారితే లేదా మోడల్ మారితే ఈ 4 మారుస్తాం, మిగతా కోడ్ ముట్టుకోం.

ఇప్పుడు అసలు పని. అందరూ మొదట రాసేది ఏంటంటే, రిక్వెస్ట్ రాగానే ఇప్పటిదాకా ఎంత వాడాడో చూడు, లిమిట్ లోపు ఉంటే పంపు, జవాబు వచ్చాక వాడింది కలుపు. మేమూ అదే రాశాం. ఒకడు 2,90,000 యూనిట్లు వాడేశాడు, లిమిట్ 3,00,000, అప్పుడు ఒకేసారి 20 రిక్వెస్ట్‌లు కొట్టాడు అనుకోండి, ఒక్కోటి 20,000. ఇరవై కూడా 2,90,000 అనే చూస్తాయి, ఇరవైకీ గేట్ తెరుచుకుంటుంది, చివరికి వాడకం 6,90,000కి పోతుంది. అందుకే పంపేముందే డబ్బు పక్కకి తీసి పెట్టాలి, తర్వాత మిగిలింది తిరిగివ్వాలి. హోటల్ రూమ్‌కి అడ్వాన్స్ కట్టించుకుని ఖాళీ చేసేటప్పుడు మిగిలింది ఇచ్చినట్టు. ఆ చూడటం, తీసిపెట్టడం రెండూ ఒకే దెబ్బలో జరగాలి, మధ్యలో ఇంకో రిక్వెస్ట్ దూరకూడదు. రెడిస్‌లో అయితే ఇంతే:

```lua
local used = tonumber(redis.call('GET', KEYS[1]) or '0')
local need = tonumber(ARGV[1])
local cap  = tonumber(ARGV[2])
if used + need > cap then return -1 end
local now = redis.call('INCRBY', KEYS[1], need)
redis.call('EXPIRE', KEYS[1], 172800)
return now
```

కీ పేరు `budget:<uid>:<date>` లాంటిది. తీసిపెట్టాల్సింది ఎంతంటే, ఇన్‌పుట్ టోకెన్లు + 4 × `max_tokens`. ఉదాహరణకి 2,500 ఇన్‌పుట్, `max_tokens` 800 అయితే 5,700 యూనిట్లు పక్కన పెడతాం. జవాబు 350 టోకెన్లకే అయిపోయిందనుకోండి, నిజం ఖర్చు 3,900, మిగిలిన 1,800 మైనస్ గుర్తుతో `INCRBY` చేసి తిరిగిస్తాం. `max_tokens` పెట్టకపోతే మాత్రం ఈ పద్ధతి మొత్తం పడిపోతుంది, ఎంత పక్కన పెట్టాలో తెలీదు కదా.

తిరిగిచ్చేటప్పుడు ఒక చిన్న గోతి ఉంది. రాత్రి 11:59కి మొదలైన రిక్వెస్ట్ 12 దాటాక పూర్తయితే, మేం కొత్త తేదీ కీలో కలిపాం, దాంతో ఆ యూజర్‌కి కొత్త రోజు మైనస్ 1,800తో మొదలైంది. తీసిన కీనే రిక్వెస్ట్‌తో పాటు పట్టుకుని ఉండండి, దాంట్లోనే సెటిల్ చేయండి.

సెటిల్ చేసేది ఏపీఐ ఇచ్చే `usage` అంకెతోనే, స్క్రీన్ మీద కనిపించిన జవాబు పొడవుతో కాదు. ఆలోచించే మోడళ్లలో కనిపించని టోకెన్లు కూడా అవుట్‌పుట్ కిందే బిల్లు అవుతాయి, రెండు లైన్ల జవాబుకి వెయ్యి టోకెన్లు పోయి ఉండొచ్చు. ఓపెన్‌ఏఐ చాట్ కంప్లీషన్స్‌లో స్ట్రీమింగ్ వాడితే `stream_options` లో `include_usage` ఆన్ చేస్తేనే ఆ అంకె చివర్లో వస్తుంది. యూజర్ మధ్యలో ట్యాబ్ మూసేస్తే అది రాకుండానే పోతుంది, అప్పుడు మేం పక్కన పెట్టిందంతా ఖర్చయినట్టే వదిలేస్తాం. మొదట్లో అలా తెగిపోయినవాటిని సున్నా అని వేశాం, ఒకతను జవాబు సగం చదివి రిఫ్రెష్ కొట్టి మళ్లీ అడుగుతూ ఉచితంగా లాగించాడు, అతనికి తెలిసి చేశాడో లేదో కూడా నాకు తెలీదు.

ఇన్‌పుట్ అంచనా వేసేటప్పుడు నాలుగు అక్షరాలకి ఒక టోకెన్ అనే లెక్క నమ్మకండి, అది ఇంగ్లీషుకి. తెలుగుకి చాలా తప్పుతుంది, పైగా మోడల్‌ని బట్టి మారిపోతుంది. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ వాళ్లే చూపించిన తెలుగు ఉదాహరణలో పాత టోకెనైజర్‌కి 159 టోకెన్లయిన వాక్యం కొత్తదానికి 45 అయింది, మూడున్నర రెట్లు తేడా. అంటే పాత మోడల్ మీద పెట్టుకున్న అంచనా కొత్తదానికి పనికిరాదు. ఆ మోడల్ టోకెనైజర్‌తోనే లెక్కపెట్టండి. నాలుగక్షరాల లెక్కతో మేం తక్కువ తీసిపెట్టి, సెటిల్ చేసేసరికి లిమిట్ దాటిపోయేవాళ్లం.

ఇక అంకెలు ఎలా పెట్టామంటే, ముందు ఒక నెల లాగ్ తీసి యూజర్‌వారీగా యూనిట్లు కలిపి పెద్దదాన్నుంచి చిన్నదానికి వరసపెట్టాం. మామూలు మనిషి రోజుకి ఓ 12 ప్రశ్నలు, ఒక్కోటి 4,500 యూనిట్లు, అంటే 54,000. కాస్త ఎక్కువ చదివేవాడికి కూడా సరిపోయేలా రోజుకి 3 లక్షలు, నెలకి 30 లక్షలు ఇచ్చాం. 30 లక్షలంటే 255 రూపాయలు. అంటే ఇప్పుడు ఎంత వాడినా ఒక్కడు 9,250 కాదు, 255 మించి లాగలేడు. అవును, 400 మందీ పూర్తిగా వాడితే లక్ష దాటుద్ది, అది తెలుసు. అందరూ వాడరు అనే నమ్మకంతోనే ఇచ్చాం, అందుకే పైన ఇంకో తాళం కూడా ఉంది: మొత్తం యాప్‌కి రోజువారీ పరిమితి, 75 లక్షల యూనిట్లు. 80 శాతానికి మాకు మెసేజ్ వస్తుంది, పూర్తిగా నిండితే అందరికీ చిన్న మోడల్‌కి మారుతుంది, దానికి వేరే చిన్న పరిమితి ఉంది. ప్రొవైడర్ డాష్‌బోర్డ్‌లో పెట్టే ఖర్చు లిమిట్ ఆఖరి తాళం మాత్రమే, అది అకౌంట్ మొత్తానికి కాబట్టి ఒక్కడి వల్ల అది తగిలితే అందరికీ బంద్.

ఆ మొత్తం పరిమితి పెట్టగానే కొత్త సమస్య, ఒకడు పది దొంగ అకౌంట్లు తెరిచి అందరి వంతూ ఖాళీ చేయొచ్చు. అందుకే ఫోన్ ఓటీపీ లేకుండా చాట్‌బాట్ ఇవ్వం, కొత్త అకౌంట్‌కి మొదటి మూడు రోజులు 50,000 యూనిట్లే, ఒకేసారి రెండు రిక్వెస్ట్‌ల కంటే ఎక్కువ నడవవు.

ఐపీ మీద లిమిట్ మాత్రం నేనూ తిట్లు తిన్నాను. మొబైల్ నెట్‌లో వేలమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ వైఫై అయితే మా యూజర్లలో పదిహేను మందికి ఒకటే ఐపీ. ఒకడు బాగా వాడితే పద్నాలుగు మంది ఆగిపోయారు, వాళ్లలో ఒకామె మెయిల్ పెట్టింది "రేపు నాకు ఎగ్జామ్ సార్" అని. ఇప్పుడు ఐపీని సైనప్‌ల దగ్గర మాత్రమే చూస్తాం, గంటకి ఎన్ని కొత్త అకౌంట్లని, చాట్ దగ్గర అస్సలు చూడం.

రోజు ఎప్పుడు మారాలి అన్నది కూడా ఆలోచించండి. అర్ధరాత్రి మారిస్తే రాత్రిపూట చదివేవాడు 11కి ఒక రోజు కోటా, 12 దాటగానే ఇంకో రోజు కోటా వరసగా వాడేస్తాడు, మాకు 11 నుంచి 2 దాకా సర్జ్ అక్కడే వచ్చింది. తెల్లవారుజామున 4 గంటలకి మార్చాక పోయింది. యూటీసీ అలాగే వదిలేసిన బద్ధకస్తులకి మన టైమ్‌లో పొద్దున 5:30కి మారుతుంది, అనుకోకుండా అదీ బాగానే ఉంటుంది.

కోటా అయిపోయేముందు ఇంకొంచెమే మిగిలితే గేట్ మూయకుండా `max_tokens` తగ్గిస్తాం. 5,000 యూనిట్లు మిగిలి, ఇన్‌పుట్ 2,500 అయితే (5000 − 2500) / 4, అంటే 625 టోకెన్ల జవాబుకి చోటుంది. 200 కంటే తక్కువొస్తే ఇవ్వం, జవాబు మధ్యలో తెగిపోయి ఇంకా కోపం తెప్పిస్తుంది. అప్పుడు "ఈరోజు కోటా అయిపోయింది, పొద్దున 4కి మళ్లీ వస్తుంది" అని టైమ్‌తో చెప్తాం. ఉత్త "ఎర్రర్" అని వేసినప్పుడు జనం మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లు.

ఇంతా చేశాక ఖర్చు బాగా తగ్గించింది నిజానికి వేరేది, చాట్ చరిత్రలో చివరి ఆరు ప్రశ్నలూ జవాబులే పంపడం, ఒక మెసేజ్‌లో 8,000 టోకెన్ల కంటే ఎక్కువ పేస్ట్ చేయనివ్వకపోవడం, పెద్ద నోట్స్ అయితే ముక్కలు చేసి ప్రశ్నకి తగిన రెండు మూడు ముక్కలే పంపడం. ఆ పాలిటీ నోట్స్ అబ్బాయికి ఇదే చేసిచ్చాం, ప్రశ్నకి 60,000 నుంచి 5,000 లోపుకి వచ్చింది.

బ్లాక్ చేయడం మాత్రం మొదటి రోజే ఆన్ చేయకండి. మేం ఒక వారం లెక్కలు మాత్రమే రాసుకున్నాం, ఎవరిని ఆపి ఉండేవాళ్లమో చూద్దామని. ముగ్గురు వచ్చారు. ఒకరు ఆ అబ్బాయి, ఒకరు నిజంగానే స్క్రిప్ట్, మూడోది మా టెస్టింగ్ అకౌంట్, రాత్రంతా ఆటోమేటిక్‌గా నడుస్తోందని మాకే గుర్తులేదు.