సమానమా, సుమారా, ఉజ్జాయింపా?

సందేహం: మా అమ్మాయి గుంటూరులో ఇంటర్ చదువుతోంది. బోర్డు మీది సమీకరణాన్ని ఫోటో తీసుకొచ్చి స్పర్శరేఖల పద్ధతిలో సాధించింది. జవాబు "సుమారు 2.09455" అని రాస్తే సరేనా? "సమానం" అనాలా, "ఉజ్జాయింపు" అనాలా?

సమాధానం: మీరు పంపిన ఫోటోలో ఉన్నది x³ − 2x − 5 = 0. బోర్డు మెరుపులో ఘాతం 3 కాస్తా 2లా కనిపిస్తోంది. ముందు అది తేల్చుకోవాలి, ఎందుకంటే 2 అని చదివినా పట్టిక చక్కగానే కుదురుతుంది, 3.449 దగ్గర. తప్పు చదివామని పట్టిక చెప్పదు. ఇది 1669లో న్యూటన్ తన పద్ధతికి ఉదాహరణగా తీసుకున్న సమీకరణమే.

x = 2 వద్ద ప్రమేయం విలువ −1, 3 వద్ద 16. గుర్తు మారింది కాబట్టి మూలం ఆ రెంటి నడుమ, 2కు దగ్గరగా ఉంది. 2 వద్ద స్పర్శరేఖ గీసి, అది x-అక్షాన్ని తాకిన చోటును తరువాతి విలువగా తీసుకోవాలి. అంటే f(x)ను వాలు 3x² − 2తో భాగించి, వచ్చినదాన్ని x నుంచి తీసివేయాలి.

| x | f(x) | వాలు | తరువాతి x |
|---|---|---|---|
| 2 | −1 | 10 | 2.1 |
| 2.1 | 0.061 | 11.23 | 2.094568 |
| 2.094568 | 0.000186 | 11.1616 | 2.094551 |

ఇక మాట సంగతి. పట్టికలోని ఏ x విలువా మూలానికి "సమానం" కాదు, ప్రతిదీ ఒక ఉజ్జాయింపు విలువే. 2.1ను కూడా నిస్సంకోచంగా అలాగే అనవచ్చు. "సుమారు" తప్పు కాదు గాని వదులైన మాట. మిర్చి యార్డుకు సుమారు వెయ్యి టిక్కీలు వచ్చాయంటే ఎన్ని అటూ ఇటూ అని ఎవరూ నిలదీయరు. ఇక్కడ నిలదీస్తారు. కాబట్టి చివరి వాక్యం ఇలా ఉండాలి: "అయిదు దశాంశ స్థానాలకు సవరించగా మూలం 2.09455."

అలా అనే హక్కు రుజువు చేసుకుంటేనే వస్తుంది. 2.094545 వద్ద f(x) రుణాత్మకం, 2.094555 వద్ద ధనాత్మకం. మూలం ఆ రెంటి మధ్యే ఉంది కనుక అయిదో స్థానం ఖాయం. రెండో వరుసలో ఆగి ఉంటే 2.09457 అని రాసేవారు, అది తప్పు. నాలుగు స్థానాలు అడిగితే 2.09455ను మళ్లీ సవరించకండి, అక్కడ పైకా కిందికా అన్న తగవు వస్తుంది. 2.094551 నుంచే సవరించండి, 2.0946 వస్తుంది.

మొదటి విలువను మాత్రం ఊరికే ఎంచుకోకూడదు. 0.8తో మొదలుపెడితే అక్కడ వాలు −0.08 మాత్రమే, స్పర్శరేఖ దాదాపు అడ్డంగా పడుకుంటుంది. తరువాతి విలువ −75.3కు ఎగిరిపోతుంది. దాన్ని ఉజ్జాయింపు అనడానికి నాకైతే నోరు రాదు.