టెక్ సందేహాలు: వెదురు మండపం మీద ఎండపొడలు నిజంగా పడాలంటే

ప్రశ్న: 3D సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో, దాని సైకిల్స్ రెండర్ ఇంజిన్ మీద ఒక తోట మండపం రెండర్ చేస్తున్నాను. టేకు స్తంభాలు, పైన వెదురు బద్దల కప్పు, పక్కనే పెద్ద వెదురు పొద. ఆకుల్లోంచి ఉదయం ఎండ నేల మీద పడాలి. నీడలు స్పష్టంగా ఉండాలని Sun లైట్‌కి Angle 0 పెట్టాను. కానీ నేల మీద కాగితం కత్తిరించి పరిచినట్టు కనిపిస్తోంది. పొద కింద అక్కడక్కడా నల్లటి మచ్చలు కూడా వస్తున్నాయి. ఎల్లుండి క్లయింట్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఆ Angle విలువను 0.53 చేయండి. సగం సమస్య అక్కడే తీరుతుంది. ఎందుకో తెలిస్తే మిగతా సగం మీరే సరిదిద్దుకోగలుగుతారు.

మన కంటికి సూర్యుడు చుక్కలా కాదు, సుమారు అర డిగ్రీ వెడల్పున్న బిళ్లలా కనిపిస్తాడు. ఆకుల మధ్య ఉన్న ప్రతి చిన్న సందూ ఆ బిళ్ల బొమ్మను నేల మీద వేస్తుంది. అందుకే సందు ఏ ఆకారంలో ఉన్నా చెట్టు కింద ఎండపొడలు గుండ్రంగానో, కోలగానో ఉంటాయి. 2019 డిసెంబరు 26 ఉదయం గ్రహణం పట్టినప్పుడు చెట్ల కింద ఎండపొడలన్నీ నెలవంకల్లా మారడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆకుల సందులు అవే, మారింది పైన సూర్యుడి ఆకారం. Angle 0 పెడితే బ్లెండర్ సూర్యుణ్ణి చుక్కగా చేసేస్తుంది. అప్పుడు నేల మీద సందు ఆకారం ఉన్నదున్నట్టు పడుతుంది. మీకు కత్తిరించిన కాగితంలా కనబడుతున్నది అదే.

ఎండపొడ ఎంత పెద్దగా ఉండాలో కూడా లెక్క కట్టవచ్చు. ఆకు నుంచి నేల దాకా కిరణం నడిచే దూరాన్ని 108తో భాగిస్తే దాని వెడల్పు వస్తుంది. మీ ఊరి పక్కనుంచే మన ప్రామాణిక కాలరేఖ వెళుతుంది కాబట్టి మీ గడియారానికీ సూర్యుడికీ పెద్ద తేడా ఉండదు. మార్చి నెలాఖర్లో ఉదయం 9 గంటలకు ఎండ సుమారు 40 డిగ్రీల ఎత్తు నుంచి వస్తుంది. వెదురు ఆకులు నేలకు 5 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. వాలుగా వచ్చే కిరణానికి ఆ దూరం 7.8 మీటర్లవుతుంది. 108తో భాగిస్తే సుమారు 7 సెంటీమీటర్లు. వాలు వల్ల ఎండపొడ నేల మీద సాగి, పొడవు 11 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మీ రెండర్‌లో నేల మీద ఒక అడుగు పలకను పక్కన పెట్టి కొలిచి చూడండి. ఎండపొడలు ఇంతకంటే బాగా చిన్నగా ఉంటే ఆకులు మరీ కిందికి ఉన్నాయనో, Angle తగ్గిందనో అర్థం.

చాలామంది గమనించని విషయం ఇంకొకటుంది. 2 సెంటీమీటర్ల సందులోంచి వచ్చిన వెలుగు 7 సెంటీమీటర్ల బిళ్లగా పరుచుకుంటే దాని వెలుతురు పదమూడో వంతుకు పడిపోతుంది. అంటే చిన్న సందులు లేత మచ్చలే ఇస్తాయి. పెద్ద సందులు, ఒకదాని మీద ఒకటి పడ్డ బిళ్లలే మెరుస్తాయి. అన్నీ ఒకే తెలుపులో ఉంటే ఆ బొమ్మ చూడగానే ఏదో తేడాగా అనిపిస్తుంది. మీ పొదలో ఆకులు మరీ ఒత్తుగా ఉంటే నేలంతా ఒకే మసక అయిపోతుంది. కొన్ని కొమ్మలు తీసేసి, అరచెయ్యి పట్టేంత సందులు నాలుగైదు చోట్ల వదలండి.

కప్పు సంగతి. బద్దలు 2.4 మీటర్ల ఎత్తులో ఉంటే వాటి నీడ అంచు నేల దగ్గర సుమారు 3.5 సెంటీమీటర్ల మేర మెత్తబడుతుంది. బద్దల మధ్య సందు 3 సెంటీమీటర్లే అయితే చారలు దాదాపు కరిగిపోతాయి, ఎండకు అడ్డంగా వేసిన బద్దలైతే ఇంకా ఎక్కువగా. ఇది రెండర్ తప్పు కాదు, కట్టాక కూడా అలాగే ఉంటుంది. క్లయింట్‌కి నేల మీద స్పష్టమైన చారలు కావాలంటే సందును 8 నుంచి 10 సెంటీమీటర్లకు పెంచమని డిజైన్‌లోనే చెప్పండి. Angle మళ్లీ 0 చేసి చూపిస్తే మండపం కట్టాక మాట మీ మీదికే వస్తుంది. Angle సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే టేకు స్తంభం నీడను చూడండి. మొదట్లో అంచు పదునుగా ఉండి, పోను పోను మెత్తబడాలి.

ఇక నల్లటి మచ్చలు. మీ ఆకులు పలకల మీద ఆకు బొమ్మ అతికించి, మిగతా భాగం పారదర్శకం చేసినవి అయి ఉంటాయి. కిరణం అలాంటి పలకను దాటిన ప్రతిసారీ, ఖాళీ భాగంలోంచి వెళ్లినా సరే, సైకిల్స్ ఒక లెక్క వేసుకుంటుంది. Render ప్రాపర్టీస్‌లో Light Paths కింద Max Bounces లో Transparent విలువ మామూలుగా 8 ఉంటుంది. తొమ్మిదో పలక రాగానే దారి మూసుకుపోయినట్టే, అక్కడ నలుపు. దాన్ని 64 చేసి చిన్న సైజులో రెండర్ చేయండి. మచ్చలు పోతే కారణం అదే. కాకపోతే రెండర్ సమయం పెరుగుతుంది. నాకు నచ్చిన దారి వేరు. వెదురాకు సన్నగా, కోలగా ఉంటుంది కాబట్టి ఆరేడు ముఖాలతో ఆకు ఆకారాన్నే మెష్‌గా గీయవచ్చు. పారదర్శక పలకే ఉండదు కాబట్టి ఈ లెక్క గొడవే రాదు. ఒక్క కొమ్మ చేసుకుని దాన్నే ఇన్‌స్టెన్స్‌లుగా పరిస్తే మెమరీ కూడా పెద్దగా తినదు.

ఆకు మెటీరియల్‌లో Diffuse BSDF తో పాటు Translucent BSDF కూడా కలపండి. Mix Shader లో Fac 0.4 దగ్గర మొదలుపెట్టి, Translucent రంగును ఆకు రంగు కంటే కాస్త పసుపు వైపు జరపండి. ఎండకు ఎదురుగా చూసినప్పుడు ఆకులు లోపలి నుంచి వెలిగినట్టు కనిపిస్తాయి. ఆ లేత ఆకుపచ్చ కప్పు అడుగున, స్తంభాల మీద కూడా కొద్దిగా పడుతుంది. ఇది లేకపోతే పొద ఎంత బాగా మోడల్ చేసినా ప్లాస్టిక్‌లాగే ఉంటుంది.

ఆకాశం కోసం HDRI వాడుతుంటే అందులో సూర్యుడు ఉన్నాడేమో చూసుకోండి. ఉంటే మీ Sun లైట్‌తో కలిసి రెండు నీడలు పడతాయి. మబ్బు పట్టిన ఆకాశమో, సూర్యుడు లేనిదో తీసుకోవడం మేలు. Color Management లో View Transform ను AgX లోనే ఉంచండి. Standard పెడితే మెరిసే ఎండపొడల్లో నేల అల్లిక తెల్లగా కొట్టుకుపోతుంది. నీడలోనూ ఎండలోనూ నేల అల్లిక కనబడేదాకా World Strength సర్దుతూ వెళ్లండి.

ఎల్లుండే చూపించాలి కాబట్టి సమయం దగ్గర జాగ్రత్త. శాంపిల్స్ బాగా తగ్గించి డీనాయిజర్ మీద వదిలేస్తే అది మెత్తటి అంచులను నాయిస్‌గా అనుకుని ఎండపొడలను ముద్దలు చేస్తుంది. ముందు మండపం నేల వరకే రెండర్ రీజియన్ గీసి, 256, 512, 1024 శాంపిల్స్‌తో మూడుసార్లు చూడండి. ఎండపొడల అంచులు మారడం ఎక్కడ ఆగిపోతే, ఆ అంకెతో పూర్తి బొమ్మను రాత్రికి రెండర్‌కి పెట్టండి.