గుండె పాఠం స్లైడులో నేను తీసేసినవి, ఉంచినవి

ప్రశ్న: హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ట్రైనింగ్‌లో డ్యుయల్ కోడింగ్ గురించి చెప్పారని ప్రతి స్లైడులో బొమ్మ, పక్కనే వివరణ పెట్టి చదివి వినిపిస్తున్నాను. వర్క్‌షీట్లు కూడా అలాగే చేశాను. పిల్లలు చూస్తారు, రాసుకుంటారు. మర్నాడు అడిగితే ఏమీ ఉండటం లేదు. తప్పు ఎక్కడ జరుగుతోంది?

జవాబు:

నా మొదటి గుండె స్లైడు ఎలా ఉండేదో చెబుతాను, మీదానితో పోల్చి చూసుకోండి. నెల్లూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతికి బయాలజీ చెబుతాను. క్లాసులోకి స్లైడులు చూపించే డిజిటల్ ప్యానెల్ వచ్చిన కొత్తలో రెండు రాత్రులు కూర్చుని చేసిన స్లైడు అది. ఎడమవైపు గుండె నిలువుకోత బొమ్మ, దాని మీద 1 నుంచి 11 వరకు అంకెలు. కుడివైపు ఆ అంకెలకు పేర్లు. కింద రక్తం ఎలా తిరుగుతుందో ఐదు వాక్యాలు. మూలన లబ్ డబ్ అని చప్పుడు చేస్తూ కొట్టుకునే చిన్న గుండె. వెనకాల మైపాడు బీచ్ ఫొటో కూడా ఉండేది, అదెందుకు పెట్టానో నాకే తెలీదు. ఆ ఐదు వాక్యాలూ పైకి చదివాను. మర్నాడు పాఠం అడిగితే ఒకడు లేచి, “మేడం, ఆ కొట్టుకునే గుండె ఇంకోసారి పెట్టండి” అన్నాడు. స్లిప్ టెస్టులో సగానికి పైగా పిల్లలు ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ ఎక్కువున్న రక్తం ఉంటుందని తప్పు రాశారు. గుండె కుడి ఎడమలు తారుమారు చేసినవాళ్లు ఇంకా ఎక్కువ.

బొమ్మా మాటా రెండూ ఉంటే డ్యుయల్ కోడింగ్ అయిపోయినట్టే అనుకోవడం నా పొరపాటు. మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ పైవియో 1971 నాటి తన పుస్తకంలో వివరించిన డ్యుయల్ కోడింగ్ సంగతి వేరు. మన బుర్రలో మాటలకు ఒక దారి, బొమ్మలకు ఇంకో దారి ఉంటుంది. ఒకే విషయం రెండు దారుల్లోనూ వచ్చి ఒకదానితో ఒకటి ముడిపడితే, తర్వాత గుర్తు తెచ్చుకోవడానికి రెండు ఆధారాలు దొరుకుతాయి. ఆ ముడి వేసుకోవాల్సింది పిల్లవాడు. నా స్లైడు ముందు వాడికి అందుకు తీరికే లేదు. కళ్లు 7వ అంకె చూసి, కుడివైపుకెళ్లి 7 ఏదో వెతుక్కుని, మళ్లీ బొమ్మ మీదికి రావాలి. వచ్చేలోపు కింద వాక్యాలున్నాయి. చదవడం కూడా కళ్లతో చేసే పనే కాబట్టి ఆ వాక్యం చదువుతున్నంతసేపూ బొమ్మ కనిపించదు. చదివేది లోపల మాటగానే మోగుతుంది, అదే సమయంలో నా గొంతూ మాటలే మోస్తోంది. నా వేగం ఒకటి, వాడు చదివే వేగం ఇంకొకటి. రెండూ కలవక రెండూ పోతాయి. బొమ్మలూ మాటలతో ఎలా నేర్చుకుంటామో పరిశోధించే మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్, ఆయనతో పనిచేసినవాళ్లు 2001లో మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠంతో ఇదే పరీక్షించారు. బొమ్మ చూస్తూ విన్నవాళ్లకన్నా, వాటితో పాటు అవే మాటలు తెర మీద కూడా ఉన్నవాళ్లకు పాఠం తక్కువ అర్థమైంది.

ఇప్పుడు నా పాఠం నాలుగు స్లైడులు. కొత్త విషయాలు ఒకేసారి మూడు నాలుగుకు మించి బుర్రలో పట్టవు, అందుకే 11 పేర్లు ఒక్క దెబ్బలో దింపడం మానేశాను. మొదటి స్లైడులో నాలుగు గదులే: రెండు కర్ణికలు పైన, రెండు జఠరికలు కింద. పేరు ఆ గది లోపలే రాసి ఉంటుంది, అంకెలు లేవు. రెండో స్లైడులో శరీరం నుంచి వచ్చిన రక్తం కుడి కర్ణికకు, అక్కడినుంచి కుడి జఠరికకు, అక్కడినుంచి ఊపిరితిత్తులకు. ఎడమ సగం లేత బూడిద రంగులో మసకగా ఉంటుంది. మూడోది ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని. నాలుగోది రెండూ కలిపి. బాణాలు ఒక్కొక్కటే వస్తాయి, ఏ బాణం వస్తే దాని గురించే నేను మాట్లాడతాను. వాక్యాలన్నీ తీసేసి స్లైడు కింద నాకు మాత్రమే కనిపించే నోట్స్‌లో పెట్టుకున్నాను. లబ్ డబ్ గుండె పోయింది, బీచ్ కూడా పోయింది. కవాటాల పాఠం వచ్చినప్పుడు లబ్ డబ్ మళ్లీ తెస్తాను, అక్కడ ఆ చప్పుడుకు పని ఉంది.

కుడి ఎడమల గొడవ మాత్రం స్లైడు తేలిక చేసినంత మాత్రాన పోలేదు. బొమ్మలో ఎడమవైపు కనిపించేది మనిషి కుడి కర్ణిక. పిల్లలు తమ ఎడమ చేతివైపు ఉన్నదాన్ని ఎడమ అనే రాస్తారు, పాపం వాళ్ల తప్పేముంది! ఇప్పుడు ఒక అమ్మాయిని క్లాసుకు ఎదురుగా నిలబెట్టి కుడి చెయ్యి ఎత్తమంటాను. తర్వాత ప్యానెల్ మీద గుండె చుట్టూ ఒక మనిషి గీత, ఆ కుడి చేతి దగ్గర “కుడి చెయ్యి” అని రెండే మాటలు. నాలుగు స్లైడుల్లోనూ ఆ చెయ్యి అక్కడే ఉంటుంది. ఈ రెండు మాటలు నేను చదివిన ఐదు వాక్యాలకన్నా ఎక్కువ పనిచేశాయి.

పుపుస ధమని సంగతికి వస్తే, ధమని అంటే మంచి రక్తం అని కింది తరగతుల నుంచి మోసుకొస్తారు. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర, లోపల ఏ రక్తం ఉందన్నది వేరే ప్రశ్న. రెండో స్లైడులో బాణం గుండె విడిచి బయటికి వెళ్లే చోట ఆపి, “ఇది బయటికా, లోపలికా?” అని అడిగి, వాళ్లు బయటికి అన్నాకే “పుపుస ధమని” అని నేనంటాను, దాని ఇంగ్లిష్ పేరు బాణం పక్కన వస్తుంది. రంగు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. నీలం, ఎరుపు వాడితే కొందరు రక్తం నిజంగా నీలంగా ఉంటుందనుకుంటారు. ఆక్సిజన్ తగ్గినది ముదురు ఎరుపే, నీలం మన గుర్తు కోసమేనని నోటితో చెప్పేస్తాను, స్లైడులో రాయను.

ఇంతా చదివి తెర మీద ఒక్క మాటా ఉండకూడదనుకునేరు, మన పిల్లల దగ్గర అది దెబ్బతింటుంది. పుస్తకం ఒకవైపు ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు. పరీక్ష ఇంగ్లిష్‌లో. జఠరికకు ఇంగ్లిష్ పేరు వెంట్రికిల్ అని చెవితో విన్నంత మాత్రాన స్పెల్లింగ్ రాదు, అసలు ఏ మాట విన్నారో కూడా తెలియదు. మేయర్ 2008లో చేసిన ఇంకో ప్రయోగంలో, చెప్పినదంతా కాకుండా రెండు మూడు ముఖ్యమైన మాటలు మాత్రం ఆ భాగం పక్కనే పెడితే గుర్తుండటం మెరుగైంది. అందుకే గది లోపల ఇంగ్లిష్ పేరు ఉంచుతాను, తెలుగు పేరు నేను పలుకుతాను. రెండు భాషల్లోనూ రాస్తే లేబుళ్లు రెట్టింపయి మళ్లీ మొదటికొస్తుంది.

వర్క్‌షీటుకు లెక్క వేరే. మాట గాల్లో పోతుంది, కాగితం ఉంటుంది. వెనక్కి వెళ్లి చూసుకునే వీలుంది కాబట్టి కాగితం మీద వాక్యాలు ఉండొచ్చు, కాకపోతే బొమ్మలో ఆ చోటు పక్కనే ఉండాలి. నా పాత వర్క్‌షీటులో బొమ్మ ముందు పేజీలో, ప్రశ్నలు వెనక పేజీలో ఉండేవి. కాగితం తిప్పీ తిప్పీ పిల్లలకు విసుగొచ్చింది, తిప్పేలోపు చూసింది మర్చిపోయేవాళ్లు. ఇప్పుడు ఒకే పేజీ. బాణం పక్కనే ఖాళీ గడి, అందులోనే రాయాలి. కాగితాలు ఇచ్చాక రెండు మూడు నిమిషాలు నేను మాట్లాడను. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది, వాళ్లు చదువుతుంటే నోరు ఊరుకోదు! ఇంకోటి, కంప్యూటర్‌లో ఎరుపు నీలం చక్కగా కనిపించిన బొమ్మ జిరాక్స్ తీయగానే రెండూ ఒకే బూడిద రంగయింది. నలభై కాపీలు వృథా. అప్పటినుంచి ఆక్సిజన్ ఎక్కువున్న రక్తానికి మందపాటి గీత, తక్కువున్నదానికి చుక్కల గీత వాడుతున్నాను. స్లైడులో కూడా అవే గీతలు పెట్టాను, లేకపోతే ఒకే విషయానికి రెండు గుర్తులు నేర్పినట్టవుతుంది.

మా దగ్గర రొయ్యల గుంటలున్న ఊళ్ల పిల్లలే ఎక్కువ. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఏరియేటర్లు తిప్పాలని వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. ఊపిరితిత్తులకు అది మంచి పోలిక. తోటి సార్ ఒకరు గుంట ఫొటో గుండె స్లైడులోనే పెట్టమన్నారు. పెట్టలేదు. ప్యానెల్ ఆన్ చేయకముందే నోటితో అడిగి, జవాబు రాబట్టి, అప్పుడు స్లైడు తీస్తాను. ఆ ట్రైనింగ్‌లోనే కొందరు పిల్లలు చూసి నేర్చుకునే రకం, కొందరు విని నేర్చుకునే రకం అని కూడా చెప్పి ఉంటారు. దానికీ డ్యుయల్ కోడింగ్‌కీ సంబంధం లేదు. అలా రకాలుగా విడగొట్టి చెబితే మేలు జరుగుతుందన్నదానికి సరైన ఆధారం లేదని 2008లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు.

స్లైడు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి నేను చూసేది పిల్లల పెన్నులు. బాణం కదులుతుంటే రాసుకుంటున్నారంటే తెర మీద ఇంకా రాసుకునేంత ఉందన్నమాట. పెన్నులు కింద పెట్టించి, నాలుగో స్లైడు అయ్యాక ప్యానెల్ ఆపేసి, ఖాళీ గుండె గీత ఇచ్చి బాణాలు గీయమంటాను. తర్వాత ఒకే ప్రశ్న: రెండు జఠరికల మధ్య గోడకు రంధ్రం ఉంటే ఏమవుతుంది? ఇది స్లైడులో లేదు. బాణాలు సరిగ్గా గీసి దీనికి నోరు మెదపకపోతే బొమ్మ కంఠస్థం అయిందే గానీ అర్థం కాలేదు. రెండు రక్తాలూ కలిసిపోతాయన్నవాళ్లకు ముడి పడినట్టే. ఈసారి అలా అన్నవాళ్లు సగం మందికి కొంచెం ఎక్కువ, అంతకుమించి చెబితే అబద్ధమే.

రివిజన్‌కు మాత్రం ఈ స్లైడులు వాడకండి. పాఠం వచ్చేసినవాళ్లకు లేబుళ్లు, బాణాలు అడ్డమే, తెలిసినదాన్ని మళ్లీ చదవక తప్పదు. అప్పటికి ఖాళీ కాగితం ఇచ్చి మొత్తం గీయమనడం మేలు. ఆ రోజు క్లాసుకు రానివాళ్లకూ ఈ స్లైడులు పనికిరావు, మాటలన్నీ నా నోట్లోనే ఉంటాయి కదా. వాళ్లకోసం నోట్స్‌లో దాచుకున్న ఆ వాక్యాలను బొమ్మ పక్కన చేర్చి ఒక పేజీ విడిగా జిరాక్స్ తీసి ఉంచుతాను.