వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు మానేయాలా?

"నాన్నగారికి గుండెలో వాల్వ్ మార్చారు, వార్ఫరిన్ వేసుకుంటున్నారు. ఆకుకూర ముట్టుకోవద్దని చుట్టాలందరూ అంటున్నారు. మాది విజయనగరం దగ్గర పల్లె, పెరట్లో మునగచెట్టు, తోటకూర మడి ఉన్నాయి. నిజంగా మానేయాలా?"

మానక్కర్లేదండీ. ఏ వారం చూసినా ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. మాది శ్రీకాకుళం జిల్లా, మా అమ్మకి మైట్రల్ వాల్వ్ తీసి మెటల్ వాల్వ్ వేశారు, అప్పటి నుంచి వార్ఫరినే. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే టెస్టు అంకెని ఐఎన్ఆర్ అంటారు, ఆవిడకి అది 2.5కీ 3.5కీ మధ్య ఉండాలన్నారు. మీ నాన్నగారికి ఏ వాల్వ్ మార్చారో, అది ఏ రకమో బట్టి ఈ అంకె వేరుగా ఉండొచ్చు, డాక్టర్ని అడిగి చీటీ మీద రాయించుకోండి.

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కొన్ని పదార్థాలను లివర్ విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. ఆ విటమిన్ మళ్లీ మళ్లీ వాడకానికి రాకుండా వార్ఫరిన్ అడ్డుపడుతుంది. ఆకుకూర ఎక్కువ తింటే విటమిన్ కె పెరిగి మందు పనితనం తగ్గుతుంది, ఐఎన్ఆర్ పడిపోతుంది. ఒక్కసారిగా మానేస్తే ఐఎన్ఆర్ పైకి పోతుంది. ఈ రెండో సంగతే జనం మర్చిపోతారు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. అమ్మ రోజుకి 5 మి.గ్రా., అంటే వారానికి 35 మి.గ్రా. వేసుకుంటూ ఐఎన్ఆర్ 3 దగ్గర బాగానే ఉండేది, అప్పుడు తోటకూర పప్పు, బచ్చలి మామూలుగానే తినేది. ఎండాకాలంలో పెద్దమ్మ వచ్చి "గుండె మందు వేసుకుంటూ ఆకు తింటావేంటే" అని భయపెట్టేసరికి అమ్మ మొత్తం మానేసి చారు, చేపల పులుసు, చోడి అంబలితో గడిపింది. తర్వాత టెస్టులో 4.6 వచ్చింది, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. డాక్టరు ఒక పూట మందు ఆపించి వారం మోతాదు 32.5కి తగ్గించారు, అంటే ఒక రోజు సగం మాత్ర. కూర మానేసిన సంగతి ఎవరూ ఆయనకి చెప్పలేదు. అంతలో ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో మునగాకు తినాలని మనవైపు పట్టింపు కదా, రోజూ మునగాకు వేపుడు, మునగాకు పప్పు. మందేమో కూర తినని మనిషికి సరిపడా తగ్గించి ఉంది, తిండేమో పూర్తిగా తిరగబడింది. ఐఎన్ఆర్ 1.8. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి ఇది మరీ ప్రమాదం, వాల్వ్ మీద రక్తం గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం.

అప్పుడు డాక్టరే వారంలో ఆకుకూర ఎన్ని రోజులు, ఎంత తింటారని అడిగి ఒక లెక్క పెట్టారు. వారంలో మూడు రోజులు, ఒక్కో రోజు ఒక గరిటె వండిన కూర, దానికి సరిపోయేలా మందు మళ్లీ 35కి. అప్పటి నుంచి అంకె కుదురుగానే ఉంది. ఏ కూర అన్నదాని మీద మేం పెద్దగా పట్టుబట్టం గానీ తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూర లాంటివన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. తాలింపులో కరివేపాకు, పైన చల్లే కొత్తిమీర లెక్కపెట్టక్కర్లేదు, కానీ కొత్తిమీర పచ్చడి గిన్నెడు తింటే అదీ ఆకుకూరే. ఉడకబెట్టి నీళ్లు పారబోస్తే విటమిన్ పోతుందని మా పక్కింటావిడ చెప్పింది, పోదు, అది నీళ్లలో కరిగేది కాదు, వేడికీ పెద్దగా చెడదు. మునగాకు పొడి మాత్రం జాగ్రత్త. ఎండబెట్టిన ఆకు కాబట్టి రెండు చెంచాలే అనుకున్నా అందులో చాలా ఆకు ఉంటుంది, ఎవరో షుగరుకి మంచిదన్నారని కొత్తగా మొదలుపెట్టొద్దు.

కార్తీక మాసం ఉపవాసాలు, జ్వరం వచ్చి తిండి సరిగ్గా తినని రోజులు, యాంటీబయాటిక్ కోర్సు, వీటన్నిటిలో ఐఎన్ఆర్ మారొచ్చు, ముందే డాక్టరుకి చెప్పండి. ఒంటినొప్పులకి మందులషాపులో మాత్ర అడిగి వేసుకోవడం మాత్రం అసలు వద్దు.

తిండి గానీ మందు గానీ మారితే మర్నాడే టెస్టు చేయించి టెన్షన్ పడకండి, దాని ప్రభావం పూర్తిగా కనబడటానికి దాదాపు వారం పడుతుంది. మీ అంతట మీరు మాత్ర పెంచడం, తగ్గించడం చేయొద్దు. నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం, తలకి దెబ్బ తగలడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, ఉన్నట్టుండి ఆయాసం, వీటిలో ఏది కనిపించినా టెస్టు కోసం ఆగకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.