సాయంత్రం కాఫీ సంగతి

చిన్నీ,

సాయంత్రం అయిదింటికి కాఫీ తాగితే రాత్రి పదింటిదాకా చదువు బాగా సాగుతోందనీ, పొద్దున మాత్రం ఎంత చదివినా బుర్రకెక్కట్లేదనీ రాశావు. ఆ రెండింటికీ కారణం ఆ ఒక్క కప్పే అయ్యుంటుందని నా అనుమానం.

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. నిద్ర ముంచుకొచ్చేలా చేసేవాటిలో అదొకటి. కాఫీలోని కెఫీన్ దాన్ని తగ్గించదు, మెదడుకు దాని కబురు అందకుండా అడ్డుపడుతుందంతే. పైగా ఒంట్లోంచి తొందరగా పోదు. సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. నీ కప్పులో 100 మిల్లీగ్రాములు ఉందనుకో. రాత్రి పదింటికి 50 మిగిలి ఉంటుంది, తెల్లవారుజామున మూడింటికి 25. పడుకున్నట్టే ఉంటుంది గానీ నిద్ర గాఢంగా పట్టదు. పొద్దున మగత వదిలించుకోవడానికి మళ్లీ కాఫీ, సాయంత్రం ఇంకోటి.

పదిన్నరకు పడుకునేదానివి కాబట్టి ఆఖరి కప్పు మధ్యాహ్నం రెండు దాటనివ్వకు. టీలో కెఫీన్ తక్కువేగానీ అదీ లెక్కలోకే వస్తుంది. కోలా కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు కూడా.

అలాగని రేపటినుంచే మొత్తం మానేస్తానని కూర్చోకు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మర్నాటికల్లా తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. అది పరీక్షరోజే వచ్చిందంటే ఎవరిననుకుంటాం? పరీక్షలకు వారం పదిరోజుల ముందే మొదలుపెట్టి, రెండు రోజులకోసారి సాయంత్రం కప్పు కొంచెం కొంచెం తగ్గించు.

పరీక్షరోజు మాత్రం ప్రయోగాలొద్దు. అలవాటైన కాఫీయే, అలవాటైనంతే, ఏదైనా తిన్నాక తాగు. అది బాగా పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఆ లెక్క చూసుకో. "స్ట్రాంగ్‌గా ఇంకో కప్పు" అంటావేమో, దానివల్ల వచ్చే గుండెదడ, చేతివణుకు అచ్చం టెన్షన్‌లాగే ఉంటాయి. పేపరు చూసి భయపడ్డావనుకుని నువ్వే కంగారుపడతావు.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మధ్యాహ్నం కడుపు బిగిసేలా తింటే మూడింటికి కళ్లు మూతలు పడతాయి. కొంచెం తక్కువ తిను, అందులో గుడ్డో పెరుగో ఉండేలా చూసుకో, నాలుగింటికి ఒక పండు తిను. సాయంత్రం కాఫీ మీదికి మనసు పోయేది సగం ఆకలివల్లే అని నా నమ్మకం.

నీళ్లకు గ్లాసుల లెక్క పెట్టుకోనక్కర్లేదు. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టే, ముదురు రంగుకు తిరిగితే తక్కువైనట్టు. పరీక్షకు ముందు ఒక్కసారిగా సీసాడు నీళ్లు తాగేయకు, గంటలోపే కుర్చీలో కదలడం మొదలవుతుంది. లేచిన దగ్గర్నుంచి కొద్దికొద్దిగా తాగుతూ ఉండు, హాల్లోకి వెళ్లేముందు ఒకసారి బాత్రూంకి వెళ్లిరా.

నీ పెద్దమ్మ